పడమటి కిటికీకి నల్ల వెల్వెట్

సాలూరులో మేము అద్దెకున్న ఇంటి పడకగదికి ఒక కిటికీ ఉండేది. దాన్ని కిటికీ అనడానికి నాకు మనసొప్పదు. ఇంటి యజమాని ఎప్పుడో విశాఖలో ఒక హోటల్లో దిగి, గోడంత అద్దంలోంచి సముద్రం చూసి వచ్చాడట. సాలూరుకి సముద్రం లేదు గనక కొండలైనా చూపిద్దామనుకున్నాడు. కొండలు పడమట ఉన్నాయి. అందుకని పడమటి గోడని ఆరడుగుల వెడల్పున, ఐదడుగుల ఎత్తున తవ్వించి అద్దం బిగించాడు. పైన సన్‌షేడ్ వేస్తే శిఖరాలు కనబడవని అదీ మానేశాడు. అంత చేసి, తాను మాత్రం వేరే ఊళ్లో కాపురం పెట్టాడు. తెలివైనవాడు.

మే నెలలో మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేసరికి సూర్యుడు ఆ కిటికీ దగ్గరికి వచ్చేవాడు. ఇంకెక్కడికీ వెళ్లేవాడు కాదు. ఊళ్లో మిగతా ఇళ్ల వంతు కూడా మాకే ఇచ్చేసి, ఆరున్నర దాకా అక్కడే కూర్చుని, కొండల వెనక్కి దిగేముందు కూడా ఒకసారి తొంగిచూసి వెళ్లేవాడు. గోడకి తగిలించిన క్యాలెండరులో ఏసుప్రభువు అంగీ ఆ ఎండకి వెలిసిపోయి పాలిపోయింది. మంచం కోళ్లు వేడెక్కేవి. దిండు ఇటు తిప్పితే అటు, అటు తిప్పితే ఇటు కాలేది. పంకా తిరిగేది, కానీ అది చేసే పనల్లా పై వేడిని కిందికి దించడం.

నాకైతే పరవాలేదు. బడి పంతులుని, సెలవులు. వరండాలో చాప వేసుకుని మూడు వారపత్రికలు ముఖం మీద కప్పుకుంటే సాయంత్రం దాకా లోకంతో పని లేదు. అవస్థంతా మా ఆవిడది. ఆమె ఆస్పత్రిలో నర్సు. ఆ నెలంతా కాన్పుల వార్డులో రాత్రి డ్యూటీ పడింది. పొద్దున్నే ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి, ఇంత తిని, స్నానం చేసి, పది గంటలకి పడుకునేది. పన్నెండున్నరకి వెలుగు కళ్ల మీద పడేది. ఒంటిగంటకి చెమటతో లేచి కూర్చునేది. అంటే రోజుకి రెండున్నర గంటల నిద్ర. పది రోజులు అలా గడిచేసరికి ఆమె నడుస్తూ నిద్రపోవడం, నిద్రపోతూ నాకు సమాధానం చెప్పడం నేర్చుకుంది. ఒకరోజు చారులో ఉప్పుందా అని అడిగితే, నొప్పులు ఎంతసేపటికొకసారి వస్తున్నాయని నన్నే అడిగింది.

మొదట నేను దినపత్రికలు అద్దానికి అంటించాను. మైదా జిగురు, నాలుగు రోజుల పేపర్లు. వెలుగు ఆగలేదు సరికదా, అక్షరాలు నీడలై మంచం మీద పడ్డాయి. తరువాత దుప్పటి కట్టాను. దాని నేతలోంచి ఎండ పిండి జల్లించినట్టు రాలింది. ఇలా నేను ప్రయోగాలు చేస్తుండగా ఒక బుధవారం పొద్దున ఆమె వచ్చి చెప్పులైనా విడవకుండా గడపలోనే కూర్చుండిపోయింది. రెండు ఇంజక్షన్ సీసాలు పక్కపక్కన ఉంటే తను ఒకదానికి బదులు ఇంకోదాని మెడ విరిచిందట. సిరంజిలోకి తీసేముందు అలవాటుగా పేరు మళ్లీ చదివింది కాబట్టి సరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆమె తన వేళ్లని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"శనివారం దాకా సూత్తానండీ. అప్పటికీ నిద్దర పట్టకపోతే మేట్రనుతో సెప్పీసి మానెత్తాను. ఈ సేతులతో నాను వార్డులోకి ఎల్లను" అంది.

అది కాంట్రాక్టు ఉద్యోగం. రాత్రి డ్యూటీ చెయ్యలేనన్న వాళ్లకి అక్కడ పగటి డ్యూటీ ఇవ్వరు, ఇంటి దారి చూపిస్తారు. అరకు అవతల కొండ మీది పల్లెలో పుట్టి, మిషన్ హాస్టల్లో ఉండి, ఊళ్లో మొదటి నర్సు అనిపించుకున్న మనిషి ఆమె. ఆ తెల్ల చీర కట్టుకోవడానికి ఆమె పడ్డ పాట్లు నాకు తెలుసు. చేతిలో ఉన్నవి మూడు రోజులు. నేను చొక్కా వేసుకుని కర్టెన్ల కొట్టుకి బయల్దేరాను.

ఇక్కడ నా పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పుకోవాలి, జరిగిన పొరపాటుకి మూలం అక్కడుంది కనక. నేను పుట్టింది లంబసింగిలో. మా ఊళ్లో చలికాలం పొద్దున్న మాట్లాడితే మాట ముక్కలై కింద పడుతుందని మా నాన్న అనేవాడు. నేను ఏరుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. అలాంటి ఊరివాడికి తెర అంటే ఒకటే అర్థం. రగ్గు. ఎంత మందమైతే అంత మంచిది, ఎంత నలుపైతే అంత మంచిది, ఎండ తగిలితే అది వెచ్చబడి ఇల్లంతా వెచ్చబడుతుంది. చలిని ఆపే గుడ్డ ఎండని మాత్రం ఎందుకు ఆపదు? మందం మందమే కదా. ఇదీ నా శాస్త్రం. బడిలో పిల్లలకి సైన్సు చెప్పేది నేనే అని ఈ సందర్భంలో ఒప్పుకోవడం కాస్త ఇబ్బందిగా ఉంది.

కొట్టు యజమాని నాకు తెలిసినవాడే. నెమ్మదిగా మాట్లాడే మనిషి. పడమటి కిటికీ, పగటి నిద్ర అని చెప్పగానే లోపలికి వెళ్లి ఒక చుట్ట గుడ్డ తెచ్చాడు. చూస్తే తెల్లగా, సాదాగా, రెయిన్‌కోటు లోపలి పొరలా ఉంది. పూత పూసిన లైనింగట, విశాఖ నుంచి కొత్తగా వస్తోందట. పైన ఏ గుడ్డైనా వేసుకోవచ్చు, దీన్ని మాత్రం వెనకాల అద్దం వైపుకి వేయాలన్నాడు. నాకు నవ్వొచ్చింది. చీకటి కావాలని వచ్చినవాడికి తెల్లగుడ్డ చూపిస్తాడేమిటి? చీకటి నల్లగా కదా ఉంటుంది.

నా చూపు పై అరలో ఉన్న నల్ల వెల్వెట్ మీద పడింది. ఆహా, అదీ గుడ్డంటే. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. ముట్టుకుంటే గుర్రం మెడ నిమిరినట్టుంది. అది దింపించి, దానికి లైనింగు కూడా నల్ల కాటనే తీయించాను. కొట్టతను టార్చి తెప్పించి గుడ్డ వెనక వెలిగించాడు. రెండు పొరలూ కలిపి పట్టుకుంటే చుక్కంత వెలుగు కూడా ఇవతలికి రాలేదు. నేను గెలిచినట్టు చుట్టూ చూశాను.

"ఎలుగు ఆగుతాది మాస్టారూ, కాదనను. ఏడి సంగతి టార్చి సెప్పదు" అన్నాడతను.

నేను వినిపించుకోలేదు. కిటికీ ఆరడుగులైతే రాడ్డు ఏడున్నర ఉండాలి, గుడ్డ దానికి రెట్టింపు ఉంటేనే మడతలు పడి అంచులు మూసుకుంటాయి అని అతను చెప్పిన మాట మాత్రం విన్నాను, దానివల్ల వెల్వెట్ ఎక్కువ వస్తుంది కనక. పైన తెర వెనక కాస్త ఖాళీ వదలమని కూడా నేనే కొట్టులో కుట్టే దర్జీకి చెప్పాను. గాలి ఆడాలి కదా. కింద నేలకి జానెడు ఎత్తులో ఆపమన్నాను. తుడుచుకోవడానికి వీలుగా.

గురువారం మధ్యాహ్నానికి తెర వేలాడింది. మా ఆవిడ లోపలికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, చీకట్లో మంచం వెతుక్కుని పడుకుంది. అంత చీకటి నేను గుహల్లో కూడా చూడలేదు. బొర్రా దాకా వెళ్లినవాళ్లు ఆ చీకటిని గురించి గొప్పలు చెప్పుకుంటారు, మా గదిని చూస్తే సిగ్గుపడి ఊరుకునేవారు. నేను వరండాలోకి వచ్చి కూర్చున్నాను. కూర్చోలేక లేచాను. నీళ్ల కుండ దగ్గరికి వెళ్లి, దాహం లేక తిరిగొచ్చాను. తలుపు దగ్గర చెవి పెట్టి విన్నాను. ఒంటిగంట దాటింది, లేవలేదు. రెండు కావస్తోంది, లేవలేదు. నా మీద నాకు గౌరవం పెరుగుతుండగా తలుపు తెరుచుకుంది. మా ఆవిడ బట్టలు పిండితే కుండెడు నీళ్లు వచ్చేలా ఉంది. గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని నిలబడింది.

లోపలికి వెళ్లాను. కుమ్మరి ఆవంలోకి వెళ్లినట్టుంది. తెర మీద చెయ్యి పెడితే, ఇస్త్రీ చేసి అప్పుడే దించిన చొక్కాలా వేడిగా ఉంది. దగ్గరికి వెళ్లి నిలబడితే ముఖానికి సెగ కొట్టింది. ముందు ఎండ ఒక్కటే కాల్చేది. ఇప్పుడు ఎండ తెరని కాల్చి, తెర మమ్మల్ని కాల్చింది. మూడు గంటలకల్లా మా ఆవిడ పక్క ఎత్తి వరండాలో వేసుకుంది. రోడ్డు మీద లారీ హారను కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడి లేచేది. ఆ రాత్రి అలాగే పోయి మళ్లీ వార్డులో నిలబడింది.

శుక్రవారం పొద్దున మా అత్తగారు బస్సు దిగింది. కొండ మీద ఆమెకి కాఫీ తోట, చోళ్ల చేను, అంటే రాగుల చేను, ఉన్నాయి. నెలకొకసారి ఏదో ఒక మూట తలమీద పెట్టుకుని కూతుర్ని చూడడానికి వస్తుంది. ఈసారి పనసపండు తెచ్చింది. కూతురి ముఖం చూసి పండు సంగతి మరిచిపోయింది. కూతురు సగం చెప్పింది, మిగతా సగం నేను నాకు అనుకూలంగా చెప్పాను. అత్తగారు కూతుర్ని వరండాలో పడుకోబెట్టి, తాను గదిలోకి వెళ్లి, ఒంటిగంట దాకా అక్కడే కూర్చుంది. ఎండ తెర మీద పడ్డాక, తోటలో ఎండబెట్టిన కాఫీ పళ్ల మీద పెట్టినట్టే, అరచెయ్యి తెర మీద పరిచి పెట్టింది.

"ఏటి బాబూ, గుడ్డ కట్టినావా, పొయ్యి కట్టినావా?" అంది.

ఆ తరువాత ఆమె చెప్పిన దాన్ని క్లుప్తంగా చెబుతాను, నా పరువు దృష్ట్యా. కొండ మీద వాళ్లు కాఫీ పళ్లని బరకాలు పరిచి ఎండబెడతారు. నల్ల బరకం ఉంది, తెల్ల సంచులు కుట్టిన బరకం కూడా ఉంది. ఒకే ఎండ, ఒకే కాఫీ. మధ్యాహ్నానికి నల్లదాని మీద కాలు పెట్టలేరు, తెల్లదాని మీద కూర్చుని అన్నం తింటారు. బేగి ఎండాలంటే నల్లది, నిదానంగా ఎండాలంటే తెల్లది. ఇది వాళ్ల ఊళ్లో నడక వచ్చిన ప్రతి గుంటకీ తెలుసు. అలాంటిది వాళ్ల అల్లుడు నల్ల బరకం నిలువునా కట్టి, దాని వెనక కూతుర్ని ఎండబెట్టాడు.

అంతటితో వదల్లేదు. రొంటిన దోపుకున్న చుట్ట తీసింది. మా వైపు ఆడవాళ్లలో పెద్దవాళ్లు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం తెలిసిన సంగతే. మా అత్తగారు పాస్టరుగారి ఎదుట మానేసి చాలా ఏళ్లయింది, ఆయన లేనిచోట ఎప్పుడూ మానలేదు. చుట్ట వెలిగించి, వంగి, తెర కింది అంచు దగ్గర ఒక దమ్ము వదిలింది. పొగ మా వైపు రాలేదు. నేను వదిలిన జానెడు సందులోంచి తెర వెనక్కి బుద్ధిగా దూరిపోయింది. ఆమె చూపుడు వేలితో పైకి చూడమంది. కాసేపటికి ఆ పొగ, గాలి ఆడాలని నేను పైన వదిలించిన ఖాళీలోంచి బయటికొచ్చి, పైకప్పు వెంబడి గదిలోకి పాకింది.

అప్పుడు అర్థమైంది. అద్దానికీ తెరకీ మధ్య గాలి వేడెక్కి పైకి లేచి గదిలో పడుతోంది, దాని చోటులోకి కింద నుంచి గదిలోని గాలి వెళ్లి అదీ వేడెక్కి వస్తోంది. నేను కుట్టించింది తెర కాదు, పొగగొట్టం. దీన్నే ఎనిమిదో తరగతికి ప్రతి ఏడూ బొమ్మ గీసి, బాణం గుర్తులు వేసి, పది మార్కులకి అడుగుతాను.

మా అత్తగారు నన్ను వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చింది. కొట్టతను నన్ను చూడగానే ఆ తెల్లగుడ్డే దించాడు, పెద్దమనిషి. ఆమె ఆ తెల్ల లైనింగు ముక్క ఒకటి, నా నల్ల కాటన్ ముక్క ఒకటి కోయించి, కొట్టు ముందు ఎండలో తాడు మీద పక్కపక్కన వేయించింది. పావుగంట ముగ్గురం నీడలో నిలబడ్డాం. తరువాత ఒక్కొక్క ముక్క వెనకా అరచెయ్యి పెట్టి చూడమంది. నల్లదాని వెనక సెగ అరచేతికి అంగుళం దూరం నుంచే తెలిసింది. తెల్లదాని వెనక గోరువెచ్చగా ఉంది. టార్చి వేసి చూస్తే తెల్లదానిలోంచి కూడా వెలుగు రాలేదు. ఇది నాకు అన్యాయమనిపించింది. తెల్లగుడ్డకి ఇంత చీకటి ఎక్కడిది?

కొట్టతను కత్తిరించిన అంచు నా కంటి దగ్గర పెట్టాడు. రెండు తెల్ల పొరల మధ్య దారమంత నల్ల గీత ఉంది. "మూడు పూతలండి మాస్టారూ. మద్దిని నలుపు ఎలుగుని ఆపడానికి, బయట తెలుపు ఎండని తిప్పి కొట్టడానికి" అన్నాడు. బుధవారమే చెప్పేవాడిననీ, నేను వినే ముఖం పెట్టలేదనీ కూడా అన్నాడు. అది నిజం.

వెల్వెట్ పారేయక్కర్లేదని తేలింది. అది గది వైపు ఉంటుంది కనక దాని రంగుతో ఎండకి పని లేదు, ఎండ చూసేది లైనింగునే. నల్ల కాటన్ విప్పి తెల్లది వేయాలి. దర్జీ నాలుగు పక్కలా కుట్టు వేయబోతే కొట్టతను ఆపాడు. సూది దిగిన ప్రతిచోటా పూతకి చిల్లు పడుతుందట, పడమటి ఎండకి అవన్నీ నక్షత్రాల్లా వెలుగుతాయట. అందుకని పైన పట్టీ దగ్గర మాత్రమే కుట్టి, పక్కలూ కిందా వదులుగా వేలాడనిచ్చారు. పూత మీద వేడి ఇస్త్రీ పెట్టవద్దని, పిండవద్దని నాకు రెండుసార్లు చెప్పి, అత్తగారికి ఒకసారి చెప్పాడు. వినే మనుషుల్ని అతను బాగా గుర్తుపడతాడు.

నేను ఇక ఇంటికి పోదామన్నాను. ఆమె కదల్లేదు.

"ఎండ అద్దం దాటి లోనకి వచ్చీసినాక దాన్ని ఏ గుడ్డ ఏటి సేత్తాది? మా ఇళ్లకి సూరు మోకాలంత దించుకుంటాం. గోడకి ఎండ తగలనే తగలదు" అంది.

కొట్టతను వ్యాపారం చేసుకునేవాడై ఉండి కూడా అది నిజమేనని ఒప్పుకున్నాడు. తెర ఎంత మంచిదైనా సగం యుద్ధం అద్దం దగ్గరే ఓడిపోతామన్నాడు. సరే, అత్తగారు బజారుకి వెళ్లి వెదురు తడక బేరమాడింది. నేను బేరమాడితే పెరిగే ధరలు ఆమె బేరమాడితే తగ్గుతాయి. ఆ తడకని అద్దానికి బయట, అద్దానికి ఆనకుండా జానెడు ఎడంగా, పైన కొత్తగా బిగించిన వాసానికి కట్టి వేలాడదీశాం. కొండలు చూడడానికి పెట్టిన కిటికీలోంచి ఇప్పుడు వెదురు బద్దలు కనిపిస్తున్నాయి. ఇంటి యజమాని వస్తే చెప్పడానికి నేను మూడు రకాల అబద్ధాలు తయారు చేసుకున్నాను. అతను రాలేదు.

శనివారం తెల్లవారి నేను మేకులతో, సుత్తితో గది మీద పడ్డాను. సామిల్లు నుంచి తెచ్చిన చెక్క పలకని రాడ్డు పైన మూతలా గోడకి ఆనించి బిగించాను, పొగకి దారి లేకుండా. తెర పక్కల్ని గోడ వైపు మడిచి బిగించాను. దర్జీ రాత్రి కూర్చుని పొడిగించిన కింది అంచు నేల మీద ఆనింది. అత్తగారు చుట్ట పట్టుకుని నాలుగు వైపులా దమ్ములు వదిలి తనిఖీ చేసింది. ఒక మూల పొగ దూరింది, అక్కడ ఇంకో మేకు పడింది. ఆస్పత్రి నుంచి వచ్చిన మా ఆవిడ గదిలో పొగ వాసన చూసి, ఎవరు తాగారని అడగలేదు. తల్లి వైపు చూసింది, అంతే. పది గంటలకి పడుకుంది. సాయంత్రం డ్యూటీకి వెళ్లినప్పుడు మేట్రనుతో ఏం చెప్పాలో తేల్చుకుంటానని మాత్రం పొద్దున్నే అంది.

ఆ రోజు నేను నడిచిన దూరం కొలిస్తే సాలూరు నుంచి అరకు ఘాటు ఎక్కి దిగి ఉంటాను, అంతా వరండాలోనే. పన్నెండున్నర అయింది. సూర్యుడు వచ్చాడు. తడక మీద పడ్డాడు. ఒంటిగంటకి, ఎలా పడుకుందో చూద్దామని తలుపు ఓరగా తీశాను. తీసిన సందులోంచి వరండా వెలుగంతా మంచం మీద పడింది. మా ఆవిడ కదిలింది. నేను మూసేశాను. పది నిమిషాల తరువాత, నా వల్ల లేచిందేమో చూద్దామని మళ్లీ తీశాను. మూడోసారి తీయబోయేసరికి మా అత్తగారు తలుపుకి వీపు ఆనించి గడపలో బైఠాయించింది. ఈ రోజు ఎండ చేయలేకపోయిన పని అల్లుడు చేస్తున్నాడని సణిగి, అక్కడే కూర్చుని పనస తొనలు ఒలవడం మొదలుపెట్టింది. నేను తోసుకుని వెళ్లలేను, అత్తగారు. పిలవలేను, లోపల నిద్ర. ఆమె ఒలిచిన తొనలన్నీ తినేశాను, చేతులకి ఇంకో పని లేక.

రెండైంది. మూడైంది. లోపల నుంచి పంకా చప్పుడు తప్ప ఏమీ లేదు. నాలుగింటికి నాకు కొత్త భయం పట్టుకుంది, చెమట పట్టి లేవడం సంగతి అటుంచి అసలు లేస్తుందా అని. ఆ మాట పైకి అంటే అత్తగారు చేతిలో ఉన్న పనస గింజ నా మీదికి విసిరింది. గురి తప్పలేదు.

అయిదు దాటాక అత్తగారు లేచి నాకు దారి ఇచ్చింది. తలుపు వేలెడు సందు ఉంచి, పిల్లిలా లోపలికి వెళ్లాను. గది చల్లగా ఉందని చెప్పను, అంత అబద్ధం నేను కూడా ఆడలేను. ఉక్కగానే ఉంది, కానీ మనుషులు బతికే ఉక్క. తెర మీద చెయ్యి పెట్టాను. వెల్వెట్ వెల్వెట్‌లాగే ఉంది. మా ఆవిడ గోడ వైపు తిరిగి, నోరు కొంచెం తెరిచి, గురక పెడుతోంది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె గురక పెట్టడం నేను ఎప్పుడూ వినలేదు. నిలబడి విన్నాను. నా కాలు మంచం కోడుకి తగిలింది.

"టైమెంతయిందండీ" అంది కళ్లు తెరవకుండా.

అయిదుంపావు అన్నాను. డ్యూటీకి ఎనిమిదికి వెళ్లాలి, మేట్రనుతో ఏం చెబుతావు అని కూడా అడిగేశాను, ఆగలేక.

ఆమె కాసేపు ఆలోచించింది, లేదా నిద్రపోయింది, ఆ మసక చీకట్లో నాకు తెలియలేదు.

"దేని గురించి?" అంది. తరువాత దిండు రెండోవైపుకి తిప్పి దాని మీద చెంప ఆనించుకుంది. "ఆరున్నరకి లేపండి. మీరు కాదు, అమ్మని లేపమనండి. మీరు మళ్లీ మళ్లీ వచ్చి తలుపు తీత్తారు."